అమ్మానాన్నల అమెరికా వీసా ఇంటర్వ్యూ: ఫైలు తగ్గించండి, ఫారం చదివించండి

హైదరాబాద్ నానక్‌రాంగూడలో అమెరికా కాన్సులేట్ ముందు పొద్దున్నే నిలబడితే, విజిటర్ వీసా కోసం వచ్చిన పెద్దవాళ్ళు ఎవరో ఫైలు మందం చూసి చెప్పేయొచ్చు. పొలం పాసుబుక్కులు, ఎఫ్‌డీ రసీదులు, సీఏ రాసిచ్చిన ఆస్తి విలువ సర్టిఫికెట్, పిల్లల జీతం కాగితాలు, మనవరాలి అన్నప్రాశన ఫొటోలు కూడా. లోపల కిటికీ దగ్గర మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. చాలామంది ఆ ఫైలు తెరవకుండానే బయటికి వచ్చేస్తారు.

ఎందుకంటే ఆఫీసరు ముందున్న స్క్రీన్ మీద మన వీసా దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారం ఉంటుంది. ప్రశ్నలన్నీ అందులోంచే పుడతాయి. ఆ ఫారం నింపింది మాత్రం డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో కూతురో, అదీ ఆఫీసు అయ్యాక రాత్రిపూట. జవాబులు చెప్పాల్సింది దాన్ని ఒక్కసారి కూడా చూడని అమ్మానాన్నలు. చాలా ఇంటర్వ్యూలు తడబడేది ఇక్కడే. అందుకే ఇది ముఖ్యంగా ఫారం నింపే పిల్లల కోసం రాస్తున్నాను. బీ1/బీ2 విజిటర్ వీసా, మొదటిసారి, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ.

చెప్పేది తేలిగ్గా ఉండటానికి ఒక కుటుంబాన్ని అనుకుందాం. తెనాలిలో హైస్కూలు టీచరుగా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరైన మాస్టారు, ఆయన భార్య. కూతురు, అల్లుడు డల్లాస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నారు. కూతురికి మార్చిలో కాన్పు. కొడుకు, కోడలు హైదరాబాద్‌లో ఉంటారు.

ముందుగా ఫారం

డీఎస్-160 ని ceac.state.gov లో నింపాలి. ఒక్కొక్కరికీ వేరే ఫారం. మొదలుపెట్టగానే స్క్రీన్ మీద ఒక Application ID వస్తుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇరవై నిమిషాలు ఏమీ కదపకుండా వదిలేస్తే పేజీ మూసుకుపోతుంది, సేవ్ చేయనిదంతా పోతుంది. అమ్మకి ఫోన్ చేసి "మీ నాన్నగారి పుట్టినరోజు ఎప్పుడు?" అని అడిగేలోపు ఆ ఇరవై నిమిషాలు అయిపోతాయి. కాబట్టి వివరాలన్నీ ముందే ఒక కాగితం మీద రాయించుకుని కూర్చోండి. తెలియని తేదీలకి Do Not Know అనే గడి ఉంది, దాన్ని వాడటంలో తప్పేమీ లేదు.

పేరు దగ్గర మనవాళ్ళకి చిక్కులు ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ గడిలో ఎలా ఉన్నాయో ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఆధార్‌లో ఎలా ఉంది, ఎస్సెస్సీలో ఎలా ఉంది అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఉన్న పేరంతా Surnames గడిలో రాసి, Given Names దగ్గర FNU అని పెడతారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన అమ్మల విషయంలో Have you ever used other names? అన్న ప్రశ్నకి YES అని పెట్టి పుట్టింటి పేరు రాయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పుట్టినతేదీ కూడా పాస్‌పోర్టులో ఉన్నదే. బడిలో వేసిన తేదీ, అసలు తేదీ వేరని అందరికీ తెలిసిన కథే అయినా, అది ఇక్కడ చెప్పాల్సిన పని లేదు.

తర్వాత Do you belong to a clan or tribe? అని ఒక ప్రశ్న వస్తుంది. కులం రాయాలా, గోత్రం రాయాలా అని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలయ్యేది ఇక్కడే. రెండూ అక్కర్లేదు, మనలో మామూలుగా అందరూ NO అనే పెడతారు. పేరుని సొంత లిపిలో రాయమన్న చోట తెలుగులో రాయొచ్చు. సోషల్ మీడియా దగ్గర గత అయిదేళ్ళలో వాడిన ఖాతాలు అడుగుతారు. నాన్నగారికి ఫేస్‌బుక్ ఉందో లేదో మీరు ఊహించి రాయకండి, ఆయన్నే అడగండి. ఉంటే ఉందని రాయండి.

మాస్టారి ఉద్యోగం దగ్గర RETIRED, అమ్మకి HOMEMAKER. RETIRED అని పెట్టాక కూడా పాత ఉద్యోగం గురించి మళ్ళీ అడుగుతుంది. మాస్టారు రిటైరై రెండేళ్ళే కాబట్టి బడి పేరు, ఊరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది నింపాలి. పింఛను ఆర్డరు దగ్గర పెట్టుకుంటే తేదీలు సరిపోతాయి.

అసలు జాగ్రత్త మూడు నాలుగు ప్రశ్నల దగ్గరే. అమెరికాలో దగ్గరి బంధువులు ఉన్నారా, అక్కడ వాళ్ళ స్టేటస్ ఏమిటి, ఎవరైనా మీ తరఫున గ్రీన్‌కార్డ్ పిటిషన్ వేశారా, ఇంతకు ముందు వీసా తిరస్కరించారా. కొందరు ఏజెంట్లు "కూతురు ఉందని రాయకండి, టూరిజం అని పెట్టండి" అంటారు. 2011లో ఒకసారి రిజెక్ట్ అయితే "ఎప్పుడో పాతది, వాళ్ళ దగ్గర ఉండదులే" అంటారు. ఉంటుంది. వేలిముద్రలు, పేరు, పాత దరఖాస్తు అన్నీ అక్కడే ఉంటాయి. ఉన్న నిజం రాస్తే అయ్యేది మహా అయితే ఈసారి తిరస్కరణ. అబద్ధం రాసి దొరికితే మోసం కింద శాశ్వతంగా వీసాకి అనర్హులయ్యే సెక్షన్ ఒకటి ఉంది. ఏజెంటు నింపినా సరే, కింద పెట్టే సంతకం మీ నాన్నగారిదే.

ఎన్నాళ్ళు ఉంటారు అన్నచోట "6 నెలలు" అని కళ్ళు మూసుకుని రాయకండి. మన కుటుంబంలో కాన్పు మార్చిలో. ఫిబ్రవరి చివర వెళ్ళి జూలైలో వచ్చేద్దామన్నది ప్లాను. అంటే అయిదు నెలలు, అదే రాయాలి. ఖర్చు ఎవరిది అంటే, టికెట్లు కూతురు కొంటుంటే కూతురి పేరే రాయాలి. నాన్నగారి పరువు కోసం SELF అని పెట్టి, కిటికీ దగ్గర ఆయన "అమ్మాయే పంపిస్తోందండి" అంటే రెండు మాటలు పొంతన కుదరవు.

ఫారం సబ్మిట్ చేశాక బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ వస్తుంది. usvisascheduling.com లో ప్రొఫైల్ పెట్టి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకునేటప్పుడు ఆ డీఎస్-160 నంబరే ఇవ్వాలి. ఫీజు 2023 జూన్ నుంచి మనిషికి 185 డాలర్లు, అది ఎలాగూ తిరిగి రాదు. తర్వాత ఫారంలో తప్పు కనిపించి కొత్తది నింపితే నంబరు మారిపోతుంది. ప్రొఫైల్‌లో పాత నంబరు, చేతిలో కొత్త కాగితం ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపే ప్రమాదం ఉంది. అందుకే తప్పులు స్లాట్ తీసుకోకముందే చూసుకోవాలి. మీరు అమెరికాలో నింపుతూ ఉంటే, చివరి Review పేజీలన్నీ పీడీఎఫ్ చేసి హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికో బావకో పంపి, పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని సరిచూడమనండి. నింపినవాడి కంటికి తన తప్పు కనిపించదు.

ఇంకో మాట. 79 ఏళ్ళు దాటినవాళ్ళకి ఇంటర్వ్యూ ఉండదన్నది పాత మాట. 2025లో ఆ మినహాయింపు చాలావరకు తీసేశారు. తాతగారిని కూడా తీసుకెళ్దామనుకుంటే ఆయన కూడా కిటికీ దగ్గరికి రావాలనే లెక్కేసుకోండి.

ఫైలు

తప్పనిసరిగా ఉండాల్సినవి కొన్నే. ఇప్పటి పాస్‌పోర్టు, పాతవి ఉంటే అవి, డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ లెటరు, ఒక ఫొటో. ఫొటో రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్ళజోడు లేకుండా. స్టూడియోలో "అమెరికా వీసా సైజు" అంటే ఇచ్చేస్తారు కానీ, వాళ్ళు అలవాటుగా ముఖం నున్నగా చేసి ఇస్తారు, అది వద్దని ముందే చెప్పండి. కన్ఫర్మేషన్ పేజీని లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్ అయిపోతున్న ప్రింటర్‌లో బార్‌కోడ్ గీతలు చెదిరిపోతే స్కాన్ అవదు. మనిషికి రెండు కాపీలు చాలు.

మిగతావి అడిగితే చూపించడానికే. మాస్టారి ఫైల్లో నేనైతే ఇవి పెడతాను: పింఛను ఆర్డరు జిరాక్స్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి పన్ను రసీదు, కూతురి పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్స్, ఆమె హెచ్-1బీ అప్రూవల్ నోటీసు, ఉద్యోగం లెటరు, మూడు నెలల పే స్లిప్పులు, డాక్టరు ఇచ్చిన డ్యూ డేట్ కాగితం, కొడుకు ఉద్యోగం ఐడీ జిరాక్స్. అంతే. రిజిస్ట్రేషన్ దస్తావేజుల ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి, దారిలో పోగొట్టుకుంటే ఆ తలనొప్పి వీసాకన్నా పెద్దది. సీఏ సర్టిఫికెట్ కన్సల్టెన్సీలు అంటగట్టే అలవాటే తప్ప కాన్సులేట్ అడిగిన కాగితం కాదు. విజిటర్ వీసాకి అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఫారం కూడా అక్కర్లేదు. అమ్మాయి రాసే ఆహ్వానం లెటరు పెట్టినా ఫర్వాలేదు, పెట్టకపోయినా ఫర్వాలేదు.

వీటిని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టండి. స్టేపిల్ చేయకండి. పైన తప్పనిసరివి, కింద మాస్టారి కాగితాలు, దాని కింద కూతురివి, ప్రతి గుత్తికీ పక్కకి పొడుచుకొచ్చేలా చిన్న చీటీ అంటించి తెలుగులో "పింఛను", "బ్యాంకు", "అమ్మాయి జీతం" అని రాయండి. తర్వాత ఇంట్లో ఒకసారి ఆట లాగా చేయించండి. మీరు "అమ్మాయి పే స్లిప్" అనండి, అమ్మ తీసి ఇవ్వాలి. కిటికీ దగ్గర చేతులు వణుకుతూ పేజీలు తిప్పే ఆ అర నిమిషమే పెద్దవాళ్ళని కంగారుపెట్టేది. చీటీ ఉంటే ఆ కంగారు రాదు.

కిటికీ దగ్గర మాట

అమెరికా చట్టంలో 214(బీ) అని ఒక సెక్షన్ ఉంది. విజిటర్‌గా వచ్చే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అది ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మనం. కాబట్టి ఆఫీసరు ఏ ప్రశ్న అడిగినా లోపల వెతికేది మూడే విషయాలు: ఎందుకు వెళ్తున్నారు, డబ్బు ఎవరిది, తిరిగి ఎందుకు వస్తారు. ఇది అమ్మానాన్నలకి ఒకసారి అర్థమయ్యేలా చెబితే, యూట్యూబ్‌లో వంద ప్రశ్నలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంటర్వ్యూకి వారం ముందు ఒక సాయంత్రం వీడియో కాల్‌లో కూర్చుని ఫారం మొత్తం తెలుగులో చదివి వినిపించండి. "నాన్నా, ఇక్కడ అయిదు నెలలు అని రాశాను. ఇక్కడ అమ్మ HOMEMAKER అని రాశాను. టికెట్ నేనే కొంటున్నానని రాశాను." మధ్యలో నాన్నగారు "అదేంటమ్మా, నేను 2015లో కొడుకుతో సింగపూర్ వెళ్ళాను కదా" అంటారు. అయిదేళ్ళకి ముందుది కాబట్టి ఫారంలో రాయలేదని చెప్పండి. అడిగితే ఆయన ఆ మాట దాచక్కర్లేదు కూడా. అమ్మకీ వినిపించండి. భార్యాభర్తలని మామూలుగా ఒకే కిటికీ దగ్గరికి పిలుస్తారు. మాస్టారు మాట్లాడతారులే అని అమ్మ ఊరుకుంటే, ప్రశ్న సరిగ్గా ఆవిడకే వస్తుంది.

హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. కావాలంటే దుబాసీ సాయం ఉంటుంది, కొందరు ఆఫీసర్లు తామే తెలుగులో అడుగుతారు. మొదట్లోనే "తెలుగు" అంటే చాలు. సగం ఇంగ్లిష్, సగం తెలుగుతో ఇబ్బంది పడటం అనవసరం. అద్దం వెనక నుంచి మైకులో వచ్చే గొంతు సరిగ్గా వినపడదు, అందులోనూ పక్క కిటికీల్లో మాటలు. వినపడకపోతే "మళ్ళీ చెప్పండి" అనాలి. ఊహించి జవాబు చెప్పకూడదు.

మన మాస్టారి ఇంటర్వ్యూ దాదాపు ఇలా ఉండొచ్చు.

"ఎందుకు వెళ్తున్నారు?"
"మా అమ్మాయికి మార్చిలో కాన్పు. దగ్గర ఉండి చూసొద్దామని."
"ఎన్నాళ్ళు?"
"అయిదు నెలలు. జూలైలో వచ్చేస్తాం."
"అమ్మాయి ఏం చేస్తుంది?"
"డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హెచ్-1బీ వీసా."
"జీతం ఎంత?"
"ఏడాదికి లక్షా పది వేల డాలర్లండి."
"మీరు ఏం చేస్తారు?"
"హైస్కూల్లో లెక్కల టీచర్ని. రిటైరయ్యాను, పింఛను వస్తుంది."
"ఇంకెవరైనా పిల్లలున్నారా?"
"అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు."

ఒక్కో జవాబూ ఒక్క వాక్యం, అక్కడితో ఆగిపోవడం. మాస్టార్లకి ఆగడమే కష్టం, అది ఇంట్లో సాధన చేయించాల్సిందే. అమ్మాయి జీతం, కంపెనీ పేరు, ఊరి పేరు, అల్లుడి ఉద్యోగం ఇద్దరికీ నోటికి రావాలి. కన్నకూతురు ఎక్కడ పనిచేస్తుందో చెప్పలేకపోతే ఆఫీసరుకి అనుమానం రావడం సహజం.

కాన్పు మాట దాచమని కూడా కొందరు సలహా ఇస్తారు. దాచక్కర్లేదు. కూతురి కాన్పుకి తల్లి వెళ్ళడం ఎవరికైనా అర్థమయ్యే కారణమే. కానీ "అక్కడ పనిమనుషులు దొరకరు, కేర్‌టేకర్‌కి చాలా ఖర్చవుతుంది, బిడ్డని మేమే పెంచాలి" అనేదాకా వెళ్ళకూడదు. ఆ మాటలు చూడటానికి వెళ్తున్నట్టు కాక, ఒక పనిలో చేరడానికి, ఎక్కువకాలం ఉండటానికి వెళ్తున్నట్టు వినిపిస్తాయి. తర్వాత అత్తగారు వాళ్ళు వెళ్ళే ప్లాను ఉన్నా, అడగనప్పుడు చెప్పక్కర్లేదు.

రెండు రోజులు, రెండు చోట్లు

ఇంటర్వ్యూకి ముందు వేలిముద్రలు, ఫొటో కోసం విడిగా ఒక అపాయింట్‌మెంట్ ఉంటుంది. హైదరాబాద్‌లో అది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉన్న వీసా అప్లికేషన్ సెంటర్‌లో. మామూలుగా ముందు రోజో, అంతకు ముందో పడుతుంది. ఇక్కడ ప్రశ్నలేమీ ఉండవు. పది వేళ్ళూ మెషిన్ మీద పెట్టాలి. పొలం పనో, గిన్నెల పనో చేసి వేళ్ళు అరిగిపోయిన పెద్దవాళ్ళకి ముద్రలు పడక రెండు మూడుసార్లు పెట్టిస్తారు. వారం ముందు నుంచి రాత్రిపూట చేతులకి కాస్త కొబ్బరినూనె రాస్తే మేలు. ఆ వారంలో వేళ్ళ కొసలకి గోరింటాకు వద్దు.

రెండో రోజు కాన్సులేట్. ఫోన్, స్మార్ట్‌వాచ్, ఇయర్‌ఫోన్స్, బ్యాగులు ఏవీ లోపలికి రానివ్వరు, బయట దాచుకునే ఏర్పాటు కూడా కాన్సులేట్‌ది ఏదీ లేదు. తోడు వెళ్ళినవాళ్ళని లోపలికి వదలరు. ఇది ముందే చెప్పకపోతే, ఫోన్ చేతిలోంచి తీసుకోగానే నాన్నగారికి సగం ధైర్యం పోతుంది. అందుకని ఒక చీటీ మీద కొడుకు ఫోన్ నంబరు, బయటికి వచ్చాక ఎక్కడ కలుసుకోవాలో గుర్తు రాసి జేబులో పెట్టండి. ఏ గేటులోంచి బయటికి పంపిస్తారో తెలియదు కాబట్టి రోడ్డు మీద ఒక చోటు అనుకుని, అక్కడే నిలబడతానని మాటివ్వండి.

తెనాలి వైపు నుంచి వచ్చేవాళ్ళు రాత్రి రైల్లో వచ్చి పొద్దున నేరుగా ఇంటర్వ్యూకి వెళ్దామనుకోకండి. రైలు లేటయితే స్లాట్ పోతుంది. ఒక రోజు ముందు దిగి కొడుకింట్లోనో గచ్చిబౌలి దగ్గర హోటల్లోనో ఉండాలి. రైలు లింగంపల్లి దాకా వస్తే అక్కడే దిగండి, సికింద్రాబాద్‌కన్నా దగ్గర. ఆఫీసుల వేళ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, గంట ముందే ఆ చుట్టుపక్కలకి చేరిపోండి. కానీ వరసలో మాత్రం టైముకి ఎంతో ముందు నిలబడనివ్వరు. ఆ మిగిలిన సమయంలో ఇడ్లీ తినిపించి, బీపీ, షుగర్ మాత్రలు వేయించండి. టెన్షన్‌లో టిఫిన్ మానేసి, షుగర్ మాత్ర మాత్రం వేసుకుని వరసలో నిలబడి కళ్ళు తిరగడం నిజంగా జరిగే పని. ఆ పొద్దున మాత్రం ప్రశ్నలు అప్పజెప్పించకండి. రాత్రి చెప్పింది ఏదైనా గుర్తుంటే ఉంటుంది, కారులో తొందరపెడితే ఉన్నది కూడా పోతుంది.

బయటికి వచ్చాక

పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకుని వీసా వచ్చిందంటే పని అయినట్టే, కొన్నాళ్ళకి పాస్‌పోర్టు మీరు ఎంచుకున్న చోటికి వస్తుంది. 221(జీ) అని చీటీ ఇస్తే ఇంకా ఏదో కాగితం కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో అర్థం. చీటీ మీద టిక్ పెట్టినవి చూసి, అందులో చెప్పిన పద్ధతిలోనే ఇవ్వండి, అడగనివి కలపకండి. పాస్‌పోర్టు వెనక్కిచ్చి 214(బీ) కాగితం చేతిలో పెడితే అది తిరస్కరణ. దాని మీద అప్పీలు లేదు. మళ్ళీ వెళ్ళడానికి ఎంతకాలం ఆగాలన్న నిబంధనా లేదు. కానీ అదే ఫారం, అవే జవాబులతో వచ్చే నెల మళ్ళీ 185 డాలర్లు కట్టడం దండగ. ఆ రాత్రే అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ఆఫీసరు అడిగిన ప్రశ్నలు, వీళ్ళు చెప్పిన మాటలు యథాతథంగా రాసి పెట్టుకోండి. రెండు రోజులైతే మర్చిపోతారు. ఎక్కడ ఫారంకీ మాటకీ తేడా వచ్చిందో అందులోనే దొరుకుతుంది.

వీసా వచ్చినవాళ్ళకి ఒక సంగతి. మనవాళ్ళకి మామూలుగా పదేళ్ళ వీసా ఇస్తారు, దాన్ని చూసి పదేళ్ళు ఉండొచ్చనో, ప్రతిసారీ ఆర్నెల్లు ఖాయమనో అనుకోవద్దు. ఎన్నాళ్ళు ఉండొచ్చో నిర్ణయించేది విమానం దిగిన చోట ఉండే ఇమిగ్రేషన్ ఆఫీసరు. ఆ తేదీ i94.cbp.dhs.gov లో పాస్‌పోర్టు నంబరు కొడితే కనిపిస్తుంది. అమ్మానాన్నలు డల్లాస్‌లో దిగిన వారంలోనే ఆ పేజీ ప్రింట్ తీసి, రిటర్న్ టికెట్ తేదీ దానికి ముందే ఉందో లేదో చూసుకోండి.